అన్నా, బిల్లులో ఒక సున్నా పోయింది

జీఎస్టీ కట్టే షాపుల్లో గోడ క్యాలెండర్ చూడండి. ప్రతి నెలా మూడు తేదీల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి ఉంటుంది. 11, 14, 20. పదకొండో తేదీ లోపల పోయిన నెల అమ్మకాల బిల్లులన్నీ జీఎస్టీఆర్-1లో ఎక్కించాలి. పద్నాలుగో తేదీన మన బిల్లులు కొన్నవాళ్ల ఖాతాలో వాళ్ల 2బీ పట్టీగా కనబడతాయి. ఇరవయ్యో తేదీ లోపల 3బీ వేసి పన్ను కట్టేయాలి. 3బీ ఒకసారి వేశాక వెనక్కి తీసుకుని దిద్దే వీలు లేదు.

ఆఫీసులో తప్పు జరిగితే పైవాళ్లకు ఎప్పుడు చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. నేను అకౌంట్స్ చూసేవాణ్ణి కాబట్టి నాకు ఈ మూడు తేదీలే గుర్తొస్తాయి. తప్పు పదకొండు తర్వాత బయటపడితే చెప్పడానికి మీకు ఉన్నది తొమ్మిది రోజులు. ఇరవై దాటిందంటే అదే తప్పు ఇంకో రకం తప్పవుతుంది. మిగతా ఉద్యోగాల్లో కూడా ఇట్లాంటి ఇరవయ్యో తేదీ ఒకటి ఉంటుంది, కానీ అది గోడ మీద రాసి ఉండదు.

మాది సంజామల. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల పోయే రైలు మార్గం మా ఊరి మీదుగానే పోతుంది, 2016 నుంచి రైళ్లు తిరుగుతున్నాయి. మా వైపు బి.కాం. చదివిన పిల్లలు కోవెలకుంట్ల, బనగానపల్లె, నంద్యాల షాపుల్లో, మిల్లుల్లో అకౌంట్లు రాయడానికి చేరతారు. అట్లా చేరిన ఒక అబ్బాయి, నేను లెక్కలు చూసే ఒక ఇనుము, సిమెంటు షాపులో పనిచేస్తుండేవాడు. పేరు, ఊరు వద్దు. చేరి ఎనిమిది నెలలు అయ్యుంటుంది. సెప్టెంబరు నెల, 13వ తేదీ, శనివారం సాయంత్రం వాడి కంటికి ఒక తప్పు కనబడింది. అది వాడిదే.

షాపుకు ఊరి బయట గోడౌన్ ఉంది. అక్కడ కంప్యూటర్ లేదు, బిల్లుబుక్కు చేత్తో రాస్తారు. నెలాఖరుకు ఆ బుక్కు తెచ్చి మావాడు ట్యాలీలో ఎక్కిస్తాడు. ఆగస్టులో ఒక కాంట్రాక్టరుకు 5,00,000 రూపాయల ఇనుప కమ్మీలు పోయినాయి. 18 శాతం పన్ను, అంటే 90,000. మొత్తం బిల్లు 5,90,000. మావాడు ఎక్కించేటప్పుడు ఒక సున్నా పోయింది. 50,000 అయింది. పన్ను 9,000 అయింది. జీఎస్టీఆర్-1 పదకొండో తేదీన అట్లనే వెళ్లిపోయింది.

ఎట్లా తెలిసిందంటే, పన్నెండో తేదీన కాంట్రాక్టరు డబ్బులు ఆర్‌టీజీఎస్‌లో వేశాడు. 5,90,000. మరుసటి రోజు సాయంత్రం మావాడు ఆ జమ ట్యాలీలో రాసి, ఆయన ఖాతా తెరిచి చూస్తే మనమే ఆయనకు 5,31,000 బాకీ ఉన్నట్టు చూపిస్తోంది. ఇనుము షాపు కాంట్రాక్టరుకు బాకీ ఉండటం ఎక్కడైనా ఉందా! మా పనిలో తప్పులు ఎక్కువగా ఇట్లనే బయటపడతాయి. ఉండకూడని వైపు నిల్వ కనబడుతుంది. అది చూసినప్పుడు కడుపులో ఒక్కసారి చల్లబడుతుంది, అకౌంట్లు రాసే ఎవరినైనా అడగండి.

ఆ తర్వాతి గంటలో వాడు చేసినదే అసలు విషయం. వెంటనే ఫోన్ చేయలేదు. ముందు మూడు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టాడు. గోడౌన్ బిల్లుబుక్కు కార్బన్ కాపీ, ఆ లోడుకు తీసిన ఈవే బిల్లు, పోర్టల్‌లో ఫైల్ అయిన జీఎస్టీఆర్-1. మొదటి రెండింటిలో 5,00,000. మూడోదాంట్లో 50,000. అంటే కాంట్రాక్టరు ఎక్కువ వేయలేదు, మనమే తక్కువ చూపించాం. ఇది తేలడానికి వాడికి నలభై నిమిషాలు పట్టింది.

చూసుకోవడానికి, దాచుకోవడానికి మధ్య గీత ఎక్కడ ఉంటుందని నన్ను అడిగితే, నేను దాన్ని గంటల్లోనే చెబుతాను. తప్పు నిజమేనా, ఎంత అని తేల్చుకోవడానికి పట్టే సమయం చూసుకోవడం. ఆ రెండూ తెలిశాక కూడా "సోమవారం చెబుదాంలే", "సార్ మూడ్ బాగున్నప్పుడు చెబుదాం" అనుకుంటే అది దాచడమే, మనసులో మనం ఏ పేరు పెట్టుకున్నా సరే. ఇంకో వైపు, ఖాతాలో తేడా కనబడిన రెండో నిమిషంలోనే "అన్నా, ఏదో పెద్ద తప్పు అయిపాయె" అని ఫోన్ చేస్తే, నేను అడిగే మొదటి ప్రశ్నకే వాడి దగ్గర జవాబు ఉండదు. అప్పుడు కంగారు ఇద్దరిదీ అవుతుంది.

రాత్రి ఏడున్నరకు ఫోన్ చేశాడు. రెండు ముక్కలు చెప్పి, "మెసేజ్ పెడతాండా అన్నా, చూడు" అన్నాడు. ఆ మెసేజ్ నాకు ఇప్పటికీ గుర్తుంది. దాదాపు ఇట్లా ఉండింది:

"అన్నా, ఆగస్టుది గోడౌన్ బిల్లు ఒకటి తప్పు ఎక్కించినా. 5,00,000 ఉంటే 50,000 కొట్టినా. నేను చేసిందే. జీఎస్టీఆర్-1 అట్లనే పోయింది. పన్ను 90,000 చూపించాల్సింది, 9,000 చూపించినాం. తేడా 81,000. 3బీ ఇంకా వేయలేదు. రేపు కాంట్రాక్టరుకు 2బీలో 9,000 మాత్రమే కనబడుతుంది. బిల్లుబుక్కు, ఈవే బిల్లు, పోర్టల్ మూడింటి ఫొటోలు కింద పెట్టినా. వచ్చే నెల జీఎస్టీఆర్-1లో అమెండ్ చేద్దామా? మిగతా గోడౌన్ బిల్లులు ఇంకా చూడలేదు. రాత్రికి అన్నీ చూసి పొద్దున చెబుతా."

ఈ మెసేజ్‌లో క్షమాపణ లేదు, గమనించారా? "నేను చేసిందే" అన్న ఒక్క మాట ఉంది, అది చాలు. మేనేజరుకు ఆ క్షణంలో మూడు సంగతులు కావాలి. ఎంత పోతుంది, ఎవరికి తగులుతుంది, ఎప్పటి లోపల ఏదైనా చేయవచ్చు. మూడూ ఉన్నాయి. సారీలు నాలుగు లైన్లు ఉంటే నేను ఆ నాలుగు లైన్లు దాటి 81,000 దగ్గరకు వచ్చేవాణ్ణి. పైగా సారీలు ఎక్కువైతే అవతలి మనిషి ముందు ఓదార్చాలి, తర్వాత పని చూడాలి. శనివారం రాత్రి ఎనిమిదింటికి నాకు అంత ఓపిక లేదని ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి. వాడు చెప్పిన పరిష్కారం సరైనది కాదు.

వచ్చే నెల జీఎస్టీఆర్-1లో దిద్దవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఆ ఆర్థిక సంవత్సరం అయిపోయాక వచ్చే నవంబరు 30 వరకు, లేదా వార్షిక రిటర్ను వేసేవరకు, ఏది ముందైతే అంతవరకు దిద్దుకోవచ్చు. కానీ అట్లా చేస్తే ఈ నెల 3బీలో 81,000 తక్కువ కట్టినట్టు అవుతుంది. ఆలస్యంగా కట్టిన పన్నుకు ఏడాదికి 18 శాతం వడ్డీ. 81,000 మీద నెలకు 1,215 రూపాయలు, రోజుకు సుమారు 40. అది పెద్ద డబ్బు కాదు. అయితే ఈవే బిల్లులో 5,00,000 అని, జీఎస్టీఆర్-1లో 50,000 అని ఉంటే ఆ రెండూ ఆఫీసువాళ్ల కంప్యూటర్‌లో పక్కపక్కనే కనబడతాయి. నోటీసు వస్తే జవాబు రాసుకోవాలి.

దీనికి దగ్గరి దారి జీఎస్టీఆర్-1ఏ. 2024లో వచ్చింది. జీఎస్టీఆర్-1 వేసిన తర్వాత, అదే నెల 3బీ వేసే లోపల, ఆ నెల బిల్లులను దిద్దుకునే ఫారం అది. 1ఏలో దిద్దితే సరైన పన్ను తనంతట తానే 3బీలోకి వచ్చేస్తుంది. అంతకుముందు చాలామంది 3బీలో చేత్తో అంకె మార్చుకునేవాళ్లు. 2025 జులై నెల రిటర్ను నుంచి ఆ అంకెలకు తాళం పడింది, మార్చాలంటే 1ఏ ఒక్కటే దారి. ఎనిమిది నెలల అనుభవం ఉన్న పిల్లవాడికి ఇది తెలియకపోవడంలో వింత లేదు. కానీ వాడు తన పరిష్కారం రాశాడు కాబట్టి నేను "అది కాదు, ఇది" అని ఒక్క లైనులో తిప్పగలిగాను. ఏం చేద్దామో చెప్పకుండా "ఇప్పుడు ఏం చేయాల అన్నా?" అని వదిలేస్తే నేను మొదటి నుంచి ఆలోచించాలి. మీ పరిష్కారం తప్పయినా పరవాలేదు. దాని పని మాట మొదలుపెట్టడం, అంతే. పరిష్కారం తట్టేదాకా చెప్పకుండా ఆగడం మాత్రం పిచ్చి పని. వాడు అట్లా ఆగి ఉంటే 1ఏ సంగతి తెలిసేసరికి ఇరవై దాటిపోయేది.

మరి వెంటనే ఆ రాత్రే 1ఏ వేసేయలేదా? లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక నెలకు 1ఏ ఒక్కసారే వేయనిస్తారు. ఒక బిల్లు దిద్ది ఫైల్ చేసేశాక ఇంకో తప్పు దొరికితే దానికి చోటు ఉండదు. అందుకే మెసేజ్‌లో చివరి వాక్యం, "మిగతా బిల్లులు ఇంకా చూడలేదు" అన్నది, నాకు 81,000 అంత ముఖ్యంగా అనిపించింది. చాలామంది ఇక్కడ తడబడతారు. "ఒక్కటే అన్నా, మిగతావన్నీ కరెక్ట్" అని ధైర్యం చెబుతారు, చూడకుండానే. మనసు అదే కోరుకుంటుంది మరి.

వాడు ఆ రాత్రి కూర్చుని ఆగస్టు గోడౌన్ బుక్కు మొత్తం ఒక్కొక్క కాగితం తిప్పి చూశాడు. ఇంకొకటి దొరికింది. 18,400 బిల్లును 14,800గా కొట్టాడు. తేడా 3,600, పన్ను 648 రూపాయలు. చిన్నదే. కానీ శనివారం రాత్రే 1ఏ వేసేసి ఉంటే ఈ చిన్నదాన్ని పై నెలలో వేరేగా దిద్దుకోవాల్సి వచ్చేది. ఆదివారం పొద్దున వాడి రెండో మెసేజ్ రెండే లైన్లు: "ఇంకొకటి దొరికింది అన్నా, 648. బుక్కు అంతా అయిపోయింది, ఇంక లేవు. మొత్తం 81,648." చెప్పడం మాత్రం శనివారం, దిద్దడం అంతా చూసుకున్నాక. ఈ రెండింటినీ కలిపేసుకుని, దిద్దాకే చెప్పాలనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక ఓనరు. ఆయనకు నేనే చెప్పాను, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. ఆయన తప్పు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన అన్నది ఇది: "ఇరవైకి ఎనభై రెండు వేలు యాడ నుంచి తెచ్చేదప్పా? కాంట్రాక్టరు వేసిన దుడ్లు నిన్ననే లోడుకు కట్టేసినా."

ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం. ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్ అంతా అప్పటికే లెక్కలో వాడేశాం. కాబట్టి పెరిగిన 81,648 మొత్తం నగదుగానే చలానా కట్టాలి. కాంట్రాక్టరు పన్నుతో సహా డబ్బు ఇచ్చాడు నిజమే, కానీ ఓనరు తన దగ్గరున్న పుస్తకం చూసి పన్ను ఇంతే అనుకుని మిగతాది సరుకుకు కట్టేశాడు. కింద ఒక సున్నా పోతే పైన ఒక మనిషి తనకు లేని డబ్బును ఉందనుకుని ఖర్చు పెడతాడు. వ్యాపారంలో తప్పు అంకె చేసే అసలు నష్టం ఇదేనని నా లెక్క. వడ్డీ 1,215 దీని ముందు ఎంత? ఆదివారం చెప్పాం కాబట్టి ఆయనకు ఆరు రోజులు దొరికాయి. రావాల్సిన బాకీలు ఇద్దరి దగ్గర వసూలు చేసుకున్నాడు. పందొమ్మిది సాయంత్రం చెప్పి ఉంటే అదే డబ్బుకు వడ్డీకి చేతులు చాచాల్సిందే. మా వైపు చేబదులు వడ్డీ ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

తర్వాత కాంట్రాక్టరు. మనం మరిచిపోయేది ఎప్పుడూ ఈ మూడో మనిషినే. 1ఏలో దిద్దినా ఆయనకు ఆ తేడా ఈ నెల 2బీలో రాదు, వచ్చే నెల 2బీలోనే వస్తుంది. 2బీలో కనబడని పన్నుకు క్రెడిట్ తీసుకోనివ్వరు. అంటే ఈ నెల ఇరవయ్యో తేదీకి ఆయన కూడా 81,000 నగదు ఎక్కువ కట్టుకోవాలి, నెల తర్వాతే వెనక్కి వస్తుంది. ఆయన చేయని తప్పుకు. ఈ ముక్క వాడి మెసేజ్‌లో సగమే ఉంది: 9,000 మాత్రమే కనబడుతుందని రాశాడు కానీ, దానివల్ల ఆయనకు ఏమవుతుందో రాయలేదు. పెద్ద తప్పేం కాదు, అది నా పని.

సోమవారం పొద్దున, ఆయన 2బీ చూసుకోకముందే ఓనరు ఫోన్ చేశాడు. కోపం వచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది? "మా ఆడిటర్ ఇప్పుడే ఈ సంగతి నాకు చెప్పుంటే మీ షాపుకు ఇంక వచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. ఓనరు తర్వాతి లోడులో 81,000 మేరకు నెల గడువు ఇచ్చాడు. ఆయన చేతిలోంచి పోయే నగదు అట్లా సర్దుబాటయింది. కాంట్రాక్టరు ఇప్పటికీ ఆ షాపులోనే కొంటున్నాడు.

అన్ని తప్పులకూ 1ఏ పనికొస్తుందని అనుకోకండి. బిల్లు వేరేవాళ్ల జీఎస్టీ నంబరు మీద పడి ఉంటే 1ఏలో నంబరు మార్చనివ్వరు. వచ్చే నెల జీఎస్టీఆర్-1లోనే మార్చాలి. అప్పుడు పన్ను తేడా ఉండదు, వడ్డీ ఉండదు, కానీ అసలు కొన్నవాడికి ఆ నెల క్రెడిట్ మొత్తం ఉండదు. అట్లాంటప్పుడు మెసేజ్‌లో మొదటి వాక్యం డబ్బు గురించి కాదు, "ఎవరికి ఫోన్ చేయాలి" అన్నదే అవుతుంది. ఏ తప్పు ఎవరి మీద పడుతుందో దాన్నిబట్టి ముందు చెప్పే మాట మారుతుంది.

ఇదే పని చాలా పెద్ద ఎత్తున చేసిన మనిషి ఒకడు అమెరికాలో ఉండేవాడు. విలియం లెమెజూరియర్ అనే స్ట్రక్చరల్ ఇంజినీరు. న్యూయార్క్‌లో సిటీకార్ప్ సెంటర్ అని 59 అంతస్తుల భవనం 1977లో పూర్తయింది. కింద ఒక మూల చర్చి ఉండటం వల్ల దాని స్తంభాలు మూలల్లో కాకుండా నాలుగు వైపులా మధ్యలో ఉంటాయి. మరుసటి ఏడాది ఒక విద్యార్థి ప్రశ్న వల్ల ఆయన తన లెక్కలు మళ్లీ చూసుకున్నాడు. గాలి మూలగా కొడితే ఒత్తిడి తను అనుకున్నదానికంటే ఎక్కువ. పైగా వెల్డింగ్ చేయాల్సిన అతుకులను బోల్టులతో బిగించారని అప్పుడే తెలిసింది. కరెంటు పోయి, ఊగుడు తగ్గించే యంత్రం ఆగిపోతే, సగటున పదహారేళ్లకు ఒకసారి వచ్చే గాలివానకే భవనం కూలవచ్చని ఆయన లెక్క తేల్చింది. నోరు మూసుకుని ఊరుకోవాలన్న ఆలోచన కూడా తనకు వచ్చిందని తర్వాత ఆయనే చెప్పాడు.

ఆయన బ్యాంకువాళ్ల దగ్గరకు పోయినప్పుడు చేతిలో మూడూ ఉన్నాయి. ఏం తప్పు, ఎంత ప్రమాదం, ఎట్లా సరిచేయాలి. బోల్టుల అతుకుల మీద రెండంగుళాల మందం ఉక్కు పలకలు వెల్డింగ్ చేయాలి, లోపలి గోడ పలకలు విప్పితే చేయి పెట్టగలం, రాత్రిపూట ఆఫీసు మూసేశాక పని చేయవచ్చు. 1978 ఆగస్టులో పని మొదలైంది. సెప్టెంబరు మొదట్లో ఎల్లా అనే తుపాను ఆ తీరం వైపు వస్తూ వస్తూ సముద్రంలోకి మళ్లిపోయింది. ఆయన వృత్తి దెబ్బతినలేదు, ఇన్సూరెన్స్ కంపెనీ ఆయన ప్రీమియం పెంచబోయి తగ్గించిందని కూడా చెబుతారు. అందరూ ఇక్కడితో కథ ముగించి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఒకటి ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ భవనంలో పనిచేసేవాళ్లకు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఎవరూ చెప్పలేదు. 1995లో ఒక పత్రిక రాసేదాకా జనానికి తెలియదు. పైవాళ్లకు చెప్పాడు, ఆ మూడో మనిషికి చెప్పలేదు. మా ఇనుము షాపు ఓనరు సోమవారం పొద్దున చేసిన ఫోన్ అక్కడ జరగలేదు.

సరే, మీ మేనేజరు నాలాంటివాడు కాదు, అరిచే రకం, జీతంలో కోస్తానని బెదిరించే రకం అనుకోండి. అట్లాంటి షాపులు మా వైపు తక్కువేం కాదు. అరిచే మనిషి దగ్గర అంకెలు ఇంకా ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం. "తప్పయింది సార్" అంటే ఆయన ఊహలో నష్టం లక్షలకు పోతుంది. "ఈరోజు సరిచేస్తే వడ్డీ సున్నా, నెల ఆగితే 1,215" అంటే అరవడానికి ఆయనకు దొరికేది అంతే. ముందు నోటితో చెప్పి, వెంటనే అదే సంగతి మెసేజ్‌గా పెట్టండి. తేదీ, టైము దానిమీద పడతాయి. నెల తర్వాత "నాకెప్పుడు చెప్పినావురా?" అన్నప్పుడు అది ఉంటుంది. గ్రూపులో మాత్రం పెట్టకండి, పదిమంది ముందు ఆయన అరవక తప్పదు. వాయిస్ మెసేజ్ వద్దు, అంకెలు వెతుక్కోవడానికి వెనక్కి ముందుకు తిప్పాలి. పక్కసీటు అన్న చేత చెప్పించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఆయన నోట్లో మీ 81,000 ఎంత అవుతుందో దేవుడికే తెలుసు.

"చిన్న ప్రాబ్లం సార్, ఫ్రీ అయ్యాక కాల్ చేయండి" అన్న మెసేజ్ కూడా చెప్పినట్టు కాదు. నేను ఆ మెసేజ్ చూసి భోంచేసి, టీవీ చూసి, పడుకున్న రోజులు ఉన్నాయి. చిన్నదన్నారు కదా మరి.

మావాడి సంగతికి వస్తే, 1ఏ మంగళవారం వేశాం, రెండు బిల్లులూ కలిపి. వేసేముందు రెండు అంకెలూ నేను గట్టిగా చదివితే వాడు బిల్లుబుక్కులో చూశాడు. తర్వాత వాడు చదివితే నేను చూశాను. 3బీ పద్దెనిమిదిన వెళ్లింది. అక్టోబరు 14న కాంట్రాక్టరు ఆడిటర్‌కు మావాడే ఫోన్ చేసి, 2బీలో మిగతా 81,000 కనబడుతోందా అని అడిగాడు. కనబడింది. ఇప్పుడు ప్రతి నెలా పదో తేదీన గోడౌన్ బుక్కుతో పాటు ఈవే బిల్లుల లిస్టు డౌన్‌లోడ్ చేసుకుని, 50,000 పైబడిన ప్రతి బిల్లునూ ట్యాలీలో టిక్ పెట్టి చూస్తున్నాడు. ఇరవై నిమిషాల పని. ఆ 18,400 లాంటి చిన్న బిల్లులకు ఈవే బిల్లు ఉండదు కాబట్టి ఇది పట్టుకోలేదు. వాటికి గోడౌన్‌లో రోజు మొత్తం వేరేగా రాయిస్తున్నాం. అక్కడి పెద్దాయన ఇంకా రెండు రోజులకోసారి మరిచిపోతూనే ఉన్నాడు.